మూడో ముడి ఏది బిడ్డా?

(నల్లగొండలో ఫొటోగ్రాఫర్లు, వీడియో ఎడిటర్లు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తమ్ముళ్లకు, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన అన్నలకు, వెనక కూర్చున్న అక్కలకు పేరుపేరునా ధన్యవాదాలు.

పెండ్లి వీడియోను పది నిమిషాలకు ఎట్లా కుదించాలో చెప్పమని నన్ను పిలిచారు. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో ఈరోజు చెప్పను. ఏది ఉంచాలి, ఏది తీయాలి, తీసిన చోట చూసేవాళ్లకు వెలితి అనిపించకుండా ఎట్లా కలపాలి, ఇదే మాట్లాడతాను. అందులోనూ అడ్డుతెర పట్టిన దగ్గర నుంచి పుస్తె కట్టేదాకా ఉండే అరగంట మీదే ఎక్కువసేపు ఉంటాను. మన ఎడిటింగ్‌లో ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే.

ఒక ముసలమ్మ అడిగిన మాటతో మొదలుపెడతాను. పదేళ్ల కిందటి సంగతి. మిర్యాలగూడ దగ్గర ఒక ఊరి పెండ్లి. హైలైట్ ఫిల్మ్ పెన్‌డ్రైవ్‌లో వేసుకొని నేనే ఇంటికి తీసుకుపోయిన. ఇల్లంతా టీవీ ముందు కూర్చున్నారు. పాట మంచిది, కలర్ బాగా వచ్చింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. అయిపోయాక పెండ్లికూతురు నాయనమ్మ నన్ను దగ్గరికి పిలిచి, "అంతా మంచిగుంది బిడ్డా, మూడో ముడి ఏది?" అని అడిగింది. మళ్లీ వేసి చూశాం. మొదటి ముడి ఉంది, రెండో ముడి ఉంది. రెండో ముడి దగ్గర పాటలో దరువు మారింది. నేను ఆ దరువుకు సరిగ్గా తలంబ్రాలకు కట్ చేసిన. మూడో ముడి పోయింది.

వాళ్ల ఇంటి ఆనవాయితీలో మూడో ముడి పెండ్లికొడుకు అక్క వేస్తుంది. ఆ అక్క అదే గదిలో గోడకు ఆనుకొని కూర్చుంది. ఏమీ అనలేదు. తమ్ముడి పెండ్లిలో ఆమె చేసిన ముఖ్యమైన పని అదొక్కటే, దాన్ని నేను తీసేసిన. ఆ రాత్రే కొత్తగా కట్ చేసి మర్నాడు ఇచ్చిన. ఆరోజు నుంచి నేను పని చేసే పద్ధతి మారింది.

మారిన పద్ధతి చెప్తాను. పెండ్లిలో ప్రతి తంతుకూ ఒక క్రియ ఉంటుంది. చేతులతో జరిగే ఒక పని. కన్యాదానంలో నీళ్ల ధార, జీలకర్ర బెల్లంలో తల మీద చెయ్యి ఆనడం, పుస్తె కట్టడంలో మూడు ముళ్లు, సప్తపదిలో ఏడు అడుగులు, అప్పగింతల్లో చేతిలో చెయ్యి పెట్టడం. ఆ క్రియ సాధారణంగా పది సెకన్ల నుంచి ఇరవై సెకన్లు ఉంటుంది. దాని ముందు పావుగంట ఏర్పాట్లు, వెనక పావుగంట సర్దుళ్లు, ఫొటోలకు నిలబడడాలు. కుదించాల్సింది ఆ ముందు వెనకలను. క్రియను మాత్రం ముక్కలు చేయకుండా, అసలు వేగంతో, అసలు ధ్వనితో, మొదటి నుంచి చివరిదాకా ఉంచాలి. పాట దరువును బట్టి కట్ చేస్తే ఎప్పుడో ఒకప్పుడు క్రియ మధ్యలో కత్తెర పడుతుంది. దరువు పాట చేసిన మనిషిది, ముడి ఈ ఇంటి పిల్లది.

ఇప్పుడు ఒక పెండ్లిని తీసుకొని లెక్క వేసి చూపిస్తాను. అమ్మాయిది నల్లగొండ పక్కన పల్లె, అబ్బాయిది పాలమూరు వైపు. అమ్మాయి అన్న గల్ఫ్‌లో పని చేస్తాడు, సెలవు దొరకలేదు. వాళ్ల నాన్న అడ్వాన్స్ ఇస్తూ, "పెద్ద వీడియో మేం చూసుకుంటం, ఆ పది నిమిషాలది మాత్రం నా కొడుకు కోసం" అన్నాడు. మూడు కెమెరాలు, ఒక ఫోన్. అన్నీ కలిపి 9 గంటల 20 నిమిషాల రికార్డింగ్. దాంట్లోంచి 600 సెకన్లు తీయాలి.

ముందు సెకన్లను పంచుకున్నాను. పసుపు, మైలపోలు, ఐరేని కుండలు తేవడం, ఎదుర్కోలు, గౌరీపూజ, మేనమామ పెండ్లికూతురును గంపలో తేవడం, వీటన్నింటికీ మొదటి షాట్లతో కలిపి 185 సెకన్లు. కాళ్లు కడగడం నుంచి తలంబ్రాల దాకా 245. ఆ తర్వాత సప్తపది, మట్టెలు, అరుంధతి, నాగవెల్లి, అప్పగింతలకు 170. చూడండి, నడుమ భాగం పెండ్లిలో గంటన్నర కంటే ఎక్కువ లేదు, కానీ ఫిల్మ్‌లో అయిదింట రెండు వంతులు దానికే పోయింది. ఈ పంపకం ఎడిటింగ్ మొదలుపెట్టక ముందే కాగితం మీద ఉండాలి. లేకపోతే పసుపు ఫంక్షన్ షాట్లు రంగురంగులుగా అందంగా ఉంటాయి కాబట్టి అక్కడే మూడున్నర నిమిషాలు ఖర్చు పెట్టేస్తాం, పుస్తె దగ్గరికి వచ్చేసరికి చేతిలో సెకన్లుండవు. ఇది ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా జరుగుతుంది.

బరాత్ ఎక్కడ పోయిందని అడుగుతారు. బరాత్‌ను నేను ఈ పది నిమిషాల్లో కలపను. మూడు నిమిషాల ముక్కగా వేరే ఇస్తాను. అబ్బాయి స్నేహితులు దాన్ని పదిసార్లు చూస్తారు, సంతోషంగా ఉంటారు. పది నిమిషాల దాంట్లో కలిపితే ఆ డీజే చప్పుడు పక్కన సన్నాయి వినబడదు.

ఇక షాట్లను వరుసలో పెట్టుకోవడం. మూడు కెమెరాల గడియారాలు ఎప్పుడూ ఒక్కలాగా ఉండవు. ఒకదాంట్లో తేదీ కూడా తప్పే ఉంటుంది. ఫైల్ టైమ్ నమ్ముకుంటే తంతుల వరుస తారుమారవుతుంది. ధ్వనితో సింక్ చేస్తే చాలావరకు కుదురుతుంది గానీ, చేతి కెమెరాతో తీసిన ముప్పై, నలభై సెకన్ల చిన్న ముక్కల్లో ఒక్కోసారి జనం చప్పుడు తప్ప ఏమీ ఉండదు, అవి సింక్ కావు. అప్పుడు నేను పెండ్లికూతురు తల చూస్తాను.

తల మీద జీలకర్ర బెల్లం ముద్ద లేకపోతే అది ముహూర్తానికి ముందుది. ముద్ద ఉండి మెడలో పుస్తెలు లేకపోతే ఆ రెండింటి మధ్యది. పుస్తెలు ఉండి జడ నిండా బియ్యం గింజలు లేకపోతే తలంబ్రాలకు ముందుది. జడ నిండా గింజలు చిక్కుకొని ఉన్నాయంటే తలంబ్రాలు అయిపోయినట్టే. కాలివేళ్లకు మట్టెలు ఉన్నాయా, కొంగుముడి పడిందా, ఇవి కూడా చూస్తాను. ఈ గుర్తుల వరుస ఇంటింటికీ కొంచెం మారుతుంది, అందుకే మెయిన్ కెమెరా రికార్డింగ్‌ను ఒకసారి పూర్తిగా చూసి, ఈ పెండ్లిలో ఏది ముందు, ఏది వెనక అన్నది రాసుకుంటాను.

వరుస ఎందుకంత పట్టింపు అంటే, ఇంట్లో పెద్దవాళ్లు చూసేది అదే. తలంబ్రాల షాట్ అందంగా ఉంది కదా అని పుస్తెకు ముందు పెట్టామనుకోండి, ఆ తర్వాత పుస్తె కట్టేటప్పుడు పిల్ల జడలో ఒక్క గింజా ఉండదు. కుర్రవాళ్లు గమనించకపోవచ్చు. అమ్మమ్మ వెంటనే పట్టేస్తుంది. లేదా దీనికి తిరగబడి, తలంబ్రాల తర్వాత తీసిన ఒక ముఖం షాట్‌ను కన్యాదానంలో భావం కోసం వాడితే, నుదుటి మీద ముత్యమంత బియ్యం గింజ కనబడుతుంది. నా మొదటి కట్‌లో అట్లాంటి షాట్ ఒకటి దొరికింది. తీసేసి, కన్యాదానంలోనే తీసిన కొంచెం షేక్ అయిన షాట్ పెట్టిన. కదిలినా సరే, అది ఆ క్షణంలోనిది.

ఇప్పుడు ధ్వని. ఈ పెండ్లికి పురోహితుడి గారిని అడిగి ఆయన ఉత్తరీయం లోపల చిన్న రికార్డర్ పెట్టించాం. దాంట్లో రెండో ట్రాక్ 12 డెసిబెల్స్ తక్కువ లెవెల్‌తో రికార్డయ్యేట్టు సెట్ చేశాం. ఎందుకంటే మంత్రం చదివేటప్పటి లెవెల్ వేరు, "గట్టిమేళం" అని ఆయన అరిచి డోలు, సన్నాయి ఒక్కసారి అందుకున్నప్పటి లెవెల్ వేరు. ఒకటే లెవెల్ పెడితే సరిగ్గా ముడి పడే వేళకు ధ్వని పగిలిపోతుంది. అట్లా పగిలిన ధ్వని ఎడిటింగ్‌లో బాగుపడదు, వాల్యూమ్ తగ్గిస్తే పగిలిందే చిన్నగా వినిపిస్తుంది అంతే. గట్టిమేళం దగ్గర నేను ఆ తక్కువ ట్రాక్‌కు మారతాను.

ఇంకొకటి. రికార్డర్‌కు, కెమెరాకు మొదట్లో సింక్ కుదిరినా మూడు గంటల తర్వాత కొన్ని ఫ్రేములు జరుగుతాయి. రెండింటి లోపలి గడియారాలు ఒకే వేగంతో నడవవు. డోలు కొట్టే చేయి చూడండి. పుల్ల తాకిన తర్వాత చప్పుడు వస్తోందంటే జరిగినట్టే. అందుకే పొద్దున ఒకసారి సింక్ చేసి వదిలెయ్యకుండా, ఒక్కో తంతు దగ్గర మళ్లీ చూసుకోవాలి. డోలుదెబ్బ దానికి మంచి గుర్తు, క్లాప్ బోర్డులాగా పనిచేస్తుంది.

కన్యాదానం దగ్గరికి వస్తాను. ఈ పెండ్లిలో కాళ్లు కడగడంతో కలిపి 22 నిమిషాలు జరిగింది. మనకున్నది 75 సెకన్లు. ఇక్కడ క్రియ రెండు చోట్ల ఉంది. ఒకటి నీళ్ల ధార. రెండోది మాట. "ధర్మేచ, అర్థేచ, కామేచ" అని చెప్పించి, వీటిలో ఈమెను దాటి నడవను అని పెండ్లికొడుకుతో "నాతిచరామి" అనిపిస్తారు. ఆ మాట పెండ్లికొడుకు నోటితో వినబడాలి. చాలా ఫిల్ముల్లో దాని మీద పాట పోతుంది, పెదాలు కదులుతుంటాయి. మాట ఇచ్చిన మనిషి గొంతు లేకుండా ఆ మాటకు అర్థం లేదు.

75 సెకన్లను ఎట్లా కట్టానంటే, పురోహితుడి గొంతును ఒక దారంలాగా కింద పరిచిన. 22 నిమిషాల మంత్రంలోంచి నాలుగు ముక్కలు తీసుకున్నాను. ప్రతి ముక్కా ఆయన ఊపిరి తీసుకున్న చోట మొదలై, ఊపిరి తీసుకున్న చోట ఆగుతుంది. మంత్రాన్ని మాట మధ్యలో కోయవద్దు. అర్థం తెలియనివాళ్లకు కూడా మంత్రం నడక చెవికి అలవాటై ఉంటుంది, తెగితే వెంటనే తెలుస్తుంది. ముక్కకూ ముక్కకూ మధ్య ఫంక్షన్ హాల్‌లో ఉండే మామూలు సద్దు రెండు సెకన్లు వేసి కలిపిన. ఆ సద్దు కోసం ఎవరూ మాట్లాడని చోటు చూసి ఇరవై సెకన్లు పక్కన తీసి పెట్టుకుంటాను. అది లేకుండా ధ్వనిని ధ్వనికి అతికిస్తే అతుకు చెవికి తగులుతుంది.

ఈ దారం మీద బొమ్మలు పెట్టిన. ఇత్తడి తాంబాళంలో కాళ్లు, వాటి మీద నీళ్లు పోస్తున్న తల్లి చేతిలో చెంబు, తండ్రి చేతులు. ఆ తండ్రి రైతు. అరచేయి మీద పగుళ్లలో పసుపు ఇంకి గీతలు గీతలుగా కనబడుతోంది. ధార పడేటప్పుడు ఆయన బొటనవేలు కొంచెం వణికింది. ఆ షాట్ పదకొండు సెకన్లు ఉంది, పదకొండు సెకన్లూ ఉంచిన. సగటున ఒక్కో షాట్ మూడు నాలుగు సెకన్లు ఉండే ఫిల్మ్‌లో పదకొండు సెకన్లంటే చాలా ఎక్కువ. కానీ ధార మొదలవడం, ఆగడం రెండూ కనబడాలి. మిగతా షాట్లను రెండేసి సెకన్లకు తగ్గించి ఆ సమయం సంపాదించిన.

ఇక అసలైన చోటు. అడ్డుతెర పట్టిన దగ్గర నుంచి మూడో ముడి దాకా ఆ పెండ్లిలో 27 నిమిషాలు. నేను ఇచ్చింది 130 సెకన్లు. జీలకర్ర బెల్లానికి 60, పుస్తెకు 70.

మనవాళ్లలో చాలామంది పుస్తె కట్టడమే ముహూర్తం అనుకొని జీలకర్ర బెల్లాన్ని నాలుగు సెకన్లలో దాటేస్తారు. లగ్నపత్రికలో రాసిన సుముహూర్తానికి జరిగేది జీలకర్ర బెల్లం. తమలపాకులో పెట్టిన ముద్దను ఒకరి తల మీద ఒకరు పెట్టడం, తెర దించగానే ఒకరినొకరు చూసుకోవడం. ఇక్కడ నాకు కావలసింది రెండు కెమెరాల బొమ్మ. తెర ఉన్నంతసేపు ఒక కెమెరాకు ఇద్దరూ కలిసి కనబడరు. అందుకని పది సెకన్లు అబ్బాయి వైపు, పది సెకన్లు అమ్మాయి వైపు, మార్చి మార్చి. ఇద్దరి మధ్య తెర ఉందన్న సంగతి చూసేవాళ్లకు మర్చిపోనీయకూడదు కాబట్టి ప్రతి షాట్‌లో తెర అంచు ఎక్కడో ఒకచోట ఉండేట్టు చూసుకున్నాను. ముద్ద తల మీద పెట్టిన క్షణం నుంచి తెర దిగేదాకా స్టేజి మీద నుంచి తీసిన ఒకటే షాట్, కట్ లేదు. తెర దిగిన తర్వాత అమ్మాయి కళ్లు ఎత్తడానికి నాలుగు సెకన్లు పట్టింది. ఆ నాలుగు సెకన్లు ఖాళీ అనిపించి తీసెయ్యాలనిపిస్తుంది. తీయకండి. కళ్లు ఎత్తడం కంటే, ఎత్తడానికి ముందు ఆగడమే అక్కడ చూడవలసింది.

స్లో మోషన్ సంగతి ఇక్కడే చెప్పాలి. ముడి వేసేటప్పుడు, ముద్ద పెట్టేటప్పుడు స్లో మోషన్ వద్దు. వేగం తగ్గిస్తే అసలు ధ్వని వాడలేం, మంత్రం, మేళం రెండూ పోతాయి, పాట పెట్టక తప్పదు. పైగా కెమెరా సెకనుకు 25 ఫ్రేములతో తీసినదాన్ని సగం వేగానికి తగ్గిస్తే ఒక్కో ఫ్రేము రెండుసార్లు వస్తుంది, చేతులు గుంజుకుంటూ కదులుతున్నట్టు కనిపిస్తుంది. 50 ఫ్రేములతో తీసినదైతేనే సగం వేగంలో నున్నగా ఉంటుంది. తలంబ్రాలకు 50 పెట్టి తీయించండి. గింజలు గాల్లో తిరగడం అక్కడ స్లో మోషన్‌లో బాగుంటుంది.

ఇప్పుడు ఆ 70 సెకన్లు. పుస్తెలను కొబ్బరి బోండం మీద పెట్టి పళ్లెంలో సభంతా తిప్పి పెద్దలతో తాకించారు. నిజానికి 9 నిమిషాలు. నేను 14 సెకన్లు, నాలుగు షాట్లు. ఈ నాలుగు షాట్లలో ఎవరు ఉండాలన్నది నేను నిర్ణయించలేదు. ఎడిటింగ్ మొదలుపెట్టే ముందే అమ్మాయి తల్లికి ఫోన్ చేసి, "అమ్మా, తప్పకుండా కనబడాల్సినవాళ్లను పదిమందిని చెప్పండి" అని అడిగిన. ఆమె చెప్పిన మొదటి పేరు కాళ్లు నడవని ఒక పెద్దాయనది. పళ్లెం ఆయన కుర్చీ దగ్గరికే తీసుకుపోయారు. ఆ షాట్‌లో ఫోకస్ కొంచెం మెత్తగా ఉంది, మామూలుగా అయితే పక్కన పడేసేవాణ్ని. అదే మొదటి షాట్ అయింది.

తర్వాత 16 సెకన్లు ముందు కెమెరా నుంచి, కట్ లేకుండా. పెండ్లికొడుకు లేచి పుస్తెలు రెండు చేతులతో పట్టుకున్నాడు. "మాంగల్యం తంతునానేన మమ జీవన హేతునా, కంఠే బధ్నామి సుభగే త్వం జీవ శరదాం శతం." నూరు శరత్తులు బతకమని. శ్లోకం మొదటి మాట నుంచి "శతం" దాకా పూర్తిగా ఉంది. ఈ శ్లోకం దగ్గరికి వచ్చేసరికి కింద పాట ఏదీ లేదు. రెండు సెకన్ల ముందు నుంచే నెమ్మదిగా తగ్గించి పూర్తిగా ఆపేసిన.

తర్వాత ముళ్లు. ఇవి మెడ వెనక పడతాయి కాబట్టి ముందు కెమెరాకు పెండ్లికూతురు ముఖం తప్ప ముడి కనబడదు. పక్క నుంచి తీసే చేతి కెమెరా కావాలి. మూడు ముళ్లకు 22 సెకన్లు పట్టింది. రెండో ముడి పడుతుండగా ఫోన్లతో ముందుకొచ్చిన చుట్టాలు కెమెరాకు అడ్డం వచ్చారు. మూడు సెకన్లు ఒక మోచెయ్యి తప్ప ఏమీ లేదు. ఇట్లాంటప్పుడు ఆ మూడు సెకన్లు కోసేసి ఇటూ అటూ అతికించవద్దు. అతికిస్తే మేళం లయ తెగుతుంది, రెండో ముడి సగమే వేసినట్టు ఉంటుంది. ధ్వనిని కదిలించకుండా, ఆ మూడు సెకన్లకు ముందు కెమెరా బొమ్మ పెట్టిన. అమ్మాయి కళ్లు మూసుకొని ఉంది, మెడ దగ్గర దారం బిగిసినప్పుడు గడ్డం కొంచెం పైకి లేచింది. చూసేవాళ్లకు బిగించింది రెండో ముడే అని అర్థమవుతుంది. మళ్లీ పక్క కెమెరాకు వచ్చేసరికి మూడో ముడి మొదలవుతోంది. లెక్క తప్పలేదు.

ఇక్కడ కెమెరా పట్టే తమ్ముళ్లకు ఒక మాట. కొన్ని కెమెరాలు ఒక్కసారి నొక్కితే 29 నిమిషాల 59 సెకన్లకు వాటంతట అవే ఆగిపోతాయి. తెర పట్టడానికి ముందు, పురోహితుడు సర్దుకుంటున్నప్పుడు, ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టండి. అప్పుడు మూడో ముడి దాకా నిశ్చింత. ముందు నుంచి నడుస్తోంది కదా అని వదిలేస్తే ఎక్కడ ఆగుతుందో తెలియదు, ఆగిందని తెలిసేసరికి తలంబ్రాలు వచ్చేస్తాయి.

మిగిలిన 18 సెకన్లు అక్షింతలు, పుస్తెలకు కుంకుమ, తల్లి ముఖం. మేళం ధ్వనిని ఆపకుండా తలంబ్రాల మొదటి షాట్ మీదికి మూడు సెకన్లు పోనిచ్చిన. బొమ్మ మారినా ధ్వని వెంట వస్తే రెండు తంతుల మధ్య పదినిమిషాలు తీసేశామని ఎవరికీ అనిపించదు.

(సభలోంచి ఒకరు: "అన్నా, పెండ్లి పార్టీవాళ్లు ఫలానా సినిమా పాటే కావాలంటరు కదా?")

అంటారు తమ్ముడూ, అడగడంలో తప్పు లేదు. ఎదుర్కోలు దగ్గర, బుక్కగులాల్ చల్లుకునే చోట, తలంబ్రాల దగ్గర పాట ఎంత బాగా అయినా పెట్టు. అక్కడ వినవలసిన మాట ఏమీ పోదు. కానీ యూట్యూబ్‌లో పెడతారా అని ముందే అడుగు. సినిమా పాట ఉంటే దాని హక్కుదారులు క్లెయిమ్ చేయవచ్చు, కొన్నిసార్లు వీడియో బ్లాక్ కూడా అవుతుంది. అప్పుడు పాట ఒక్కటే తీసేద్దామంటే, మంత్రం, మేళం, పాట అన్నీ కలిపి ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌లోంచి విడదీయడం కష్టం. నేను ప్రాజెక్టులోనే పాట లేని రెండో కాపీ చేసి పెడతాను. ఈ పెండ్లిలో అదే పనికొచ్చింది.

(మరొకరు: "పది నిమిషాలు దాటితే ఏమైతది?")

పదకొండైతే ఏమీ కాదు. నా మొదటి కట్ 14 నిమిషాల 10 సెకన్లు వచ్చింది. అందులోంచి నాలుగు నిమిషాలు ఎక్కడ తీశానో చెప్తాను. క్రియల్లోంచి ఒక్క సెకను తీయలేదు. ఒకే పని చూపించే షాట్లు రెండు ఉంటే ఒకటి తీసిన. పసుపు రాసే షాట్లు తొమ్మిది ఉన్నాయి, మూడు చాలు. డ్రోన్ షాట్లు అయిదు, ఒకటి చాలు. ఫంక్షన్ హాల్ డెకరేషన్, పూలదండలు, లైట్లు, చెప్పుల జత, ఉంగరం క్లోజప్, ఇట్లాంటివన్నీ కలిపితే నిమిషంన్నర. ఇవి ఏ పెండ్లిలోనైనా ఒకటే. ఈ ఇంటివాళ్లవి కావు కాబట్టి మొదట అవే పోయాయి. చివరికి 10 నిమిషాల 6 సెకన్ల దగ్గర ఆగిన. ఆ ఆరు సెకన్లు అప్పగింతల్లో పెరిగాయి, వాటిని తగ్గించలేదు.

అప్పగింతల గురించి కొంచెం. అక్కడ క్రియ, అమ్మాయి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెట్టడం. దాన్ని పట్టుకుంటే చాలు. తల్లి ఏడ్చి తూలిపోతున్న క్లోజప్‌లు మన కెమెరాల్లో బోలెడు ఉంటాయి. ఆ ఇంటివాళ్లు ఈ ఫిల్మ్ పదేళ్లు చూస్తారు, చుట్టాలు వచ్చినప్పుడల్లా వేస్తారు. ఆ తల్లి అందరి ముందు ప్రతిసారీ తనను అట్లా చూసుకోవాలా అని ఆలోచించి నేను ఆ షాట్లు పెద్ద వీడియోకే వదిలేస్తాను. ఇక్కడ వెనక నుంచి తీసిన షాట్ పెట్టిన. తల్లి ముఖం కనబడదు, కూతురు వీపు మీద ఆమె చెయ్యి నిమురుతూ ఉంటుంది. ఏడుపు ధ్వని చాలా తక్కువగా ఉంది, సన్నాయి దానికి కొంచెం పైన ఉంది.

ఫైల్ పంపడం గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పది నిమిషాలు, ఫుల్ హెచ్‌డీ, సెకనుకు 8 మెగాబిట్ల లెక్కన ఎక్స్‌పోర్ట్ చేస్తే దాదాపు 600 ఎంబీ వస్తుంది. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది బాగా కుదించేస్తుంది, అక్షింతలు పడే చోట బొమ్మంతా గడులు గడులుగా పగులుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నది ఉన్నట్టు పోతుంది. గల్ఫ్‌లో ఉన్న ఆ అన్నకు అట్లాగే పంపాం. రాత్రి డ్యూటీ దిగి చూశాడట. వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, ధార పోసేటప్పుడు చెయ్యి ఎందుకు వణికిందని అడిగాడట.

ఇప్పుడు ఆ 70 సెకన్లు మీకు చూపిస్తాను. ముందు తెర ఆపి, ధ్వని ఒక్కటే వినిపిస్తాను. కళ్లు మూసుకొని వినండి, ఎక్కడ కోశానో ఎవరికైనా చెవికి తగిలితే చెయ్యి ఎత్తండి. తర్వాత బొమ్మతో చూద్దాం. తమ్ముడూ, ఆ లైట్లు ఆపు.